స్క్రీన్‌షాట్ రాలేదు, మూడో మందు కొట్టే ముందు మిరప ఆకు వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: మిరప నాటి 55 రోజులైంది సార్. చిగురాకులు ముడుచుకుపోతున్నాయి, మొక్క ఎదగడం లేదు. షాపులో ఇచ్చిన మందులు రెండుసార్లు కొట్టాను, తగ్గలేదు. మొక్కది, మందుది స్క్రీన్‌షాట్ పెట్టాను, చూసి ఏ మందు కొట్టాలో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: మీ మెసేజ్ మాత్రమే చేరింది, స్క్రీన్‌షాట్ రాలేదు. పొలంలో సిగ్నల్ సరిగా లేనప్పుడు ఇలా జరుగుతుంటుంది. రాసిన మాటలు ముందు వెళ్లిపోతాయి, బొమ్మ ఫోన్‌లోనే ఆగిపోతుంది. మీ ఫోన్‌లో ఆ బొమ్మ పక్కన ఇంకా గడియారం గుర్తు ఉంటే అది బయలుదేరనట్టే. లేదా బొమ్మ ఎంచుకున్నాక పంపే గుర్తు నొక్కకుండానే వెనక్కి వచ్చేసి ఉంటారు. మళ్లీ పంపండి, ఎలా పంపాలో చివర్లో చెబుతాను.

కారణం తేలకుండా ఇదే కొట్టండని ఒక మందు పేరు మాత్రం చెప్పను. మిరపలో ఆకు ముడతకు కారణం ఒక్కటి కాదు. తామర పురుగులకు కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి లొంగదు, పైగా కొన్నింటితో నల్లి పెరుగుతుంది. వైరస్ తగిలిన మొక్కకు ఏ మందూ పనిచేయదు. ఇప్పటికే రెండుసార్లు ఖర్చు పెట్టారు కాబట్టి మూడో మందు కొనే ముందు రేపు ఉదయం ఒక్కసారి పొలంలోకి వెళ్లండి. బొమ్మలో నేను వెతికేది ఏదో అక్కడ మీ కళ్లకు ఇంకా బాగా కనిపిస్తుంది.

అన్నింటికంటే ముందు ముడత ఏ వైపుకి ఉందో చూడండి. చిగురు నుంచి రెండు మూడు ఆకులు తీసుకుని అరచేతిలో పెట్టుకోండి. ఆకు అంచులు పైకి లేచి లోపలికి ముడుచుకుంటే అది పై ముడత, తామర పురుగుల పని. అలాంటి ఆకు అడుగున గీకినట్టు వెండి రంగు మచ్చలు ఉంటాయి, కొన్నాళ్లకు అవి గోధుమ రంగుకు తిరుగుతాయి. అంచులు కిందికి వంగి ఆకు తిరగేసిన పడవలా ఉంటే అది కింది ముడత, తెల్లనల్లి పని. ఇందులో ఆకు సన్నబడి ముదురు ఆకుపచ్చగా మారుతుంది, ఆకు కాడ మామూలు కంటే పొడుగ్గా సాగుతుంది. మన దగ్గర రెంటినీ కలిపి బొబ్బర అనేస్తుంటారు. షాపులోనూ బొబ్బర అనే అడుగుతారు, వాళ్లు తమ దగ్గరున్న మందేదో ఇస్తారు. మీరు కూడా 'ముడుచుకుపోతున్నాయి' అని మాత్రమే రాశారు, పైకో కిందికో రాయలేదు. నాకు ముందుగా కావలసింది ఆ ఒక్క మాట.

ఆ తర్వాత పురుగు నిజంగా ఉందో లేదో చూడాలి. ముడత చూసి మందు కొట్టే అలవాటు వల్లే చాలా డబ్బు పోతోంది, ఎందుకంటే పురుగు చచ్చిపోయినా ముడత అలాగే ఉంటుంది. తెల్ల కాగితం ఒకటి తీసుకెళ్లి, చిగురును దాని మీదికి వంచి రెండు మూడుసార్లు వేలితో తట్టండి. తామర పురుగులు ఉంటే ఒక మిల్లీమీటరు పొడవున్న సన్నటి పసుపు పురుగులు కాగితం మీద చురుగ్గా పాకుతాయి. నల్లి అలా కనబడదు, అది మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే ఉంటుంది. దానికి పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం కావాలి. బాగా లేత ఆకు అడుగున మధ్య ఈనె పక్కన భూతద్దం పెట్టి వెలుతురులో చూస్తే, పారదర్శకంగా మెల్లగా కదిలే చుక్కలు కనబడతాయి. భూతద్దం లేకపోతే ఆకును పాలిథిన్ సంచిలో వేసి మీ రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్లండి. వేడికి ఆకు వాడిపోకుండా ఉదయమే తెంపి వెంటనే తీసుకెళ్లాలి.

ఇదంతా ఒక్క మొక్కలో చూసి ఆగిపోకండి. గట్టు పక్కన ఉన్న మొక్క పొలం మొత్తం సంగతి చెప్పదు. మూల నుంచి మూలకు నడుస్తూ ఐదు చోట్ల, ఒక్కో చోట నాలుగైదు మొక్కలు చూడండి. పై ముడత, కింది ముడత ఒకే పొలంలో కలిసి ఉండటం మామూలే, మబ్బు పట్టి తేమగా ఉన్న రోజుల తర్వాత నల్లి ఎక్కువవుతుంది. పూత మొదలై ఉంటే పూలు కూడా కాగితం మీద విదిలించండి. 2021లో ఆంధ్ర, తెలంగాణల్లో మిరపను తీవ్రంగా దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలోనే గుంపుగా ఉంటుంది. పూలలో నల్లని పురుగులు కనిపిస్తే నాకు తప్పకుండా రాయండి, దాని పద్ధతి వేరు, పూత పిందెగా మారక రాలిపోతుంది.

కాగితం మీద ఏమీ రాలకుండా, ఆకు అడుగున నల్లి కూడా లేకపోతే వేరే కారణం చూడాలి. అక్కడొక మొక్క ఇక్కడొక మొక్కగా ఆకులు చిన్నవై, దగ్గరదగ్గరగా గుత్తిగా వచ్చి, ఈనెలు లావెక్కి, మొక్క గిడసబారితే అది జెమిని వైరస్. తెల్లదోమ దాన్ని మోసుకొస్తుంది. అలాంటి మొక్కలు కొద్దిగా ఉంటే పీకి పొలం బయట పూడ్చేయండి, తెల్లదోమ మీద దృష్టి పెట్టండి. ఒక పక్క నుంచి వరసగా ఆకులు పట్టీల్లా సన్నగా సాగి మెలి తిరిగితే మాత్రం కలుపు మందు అనుమానించాలి. పక్క పొలంలో 2,4-డి కొట్టారా, లేదా అది కొట్టిన ట్యాంకుతోనే మీరు మిరపకు మందు కొట్టారా అని అడిగి తెలుసుకోండి.

ఇక మందు డబ్బా సంగతి. మీ స్క్రీన్‌షాట్‌లో నాకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, ఎంత శాతమో ఉంటుంది, అది చదవండి. వేరు వేరు కంపెనీల డబ్బాల్లో ఒకే మందు ఉండటం చాలా మామూలు. మీరు మార్చి కొట్టాననుకున్నది మళ్లీ అదే మందు అయి ఉండవచ్చు. ఉదాహరణకు మొదటి డబ్బాలో ఇమిడాక్లోప్రిడ్, రెండో దాంట్లో థయామెథాక్సామ్ ఉన్నాయనుకోండి. పేర్లు వేరైనా రెండూ ఒకే వర్గానికి చెందినవి, నల్లి మీద పనిచేయవు. మీ పొలంలో ఉన్నది కింది ముడత అయితే రెండు స్ప్రేలూ వృథా అయినట్టే. డబ్బాలో లామ్డా సైహలోత్రిన్, సైపర్‌మెథ్రిన్ వంటి పైరెథ్రాయిడ్ మందులుంటే ఇంకా నష్టం. నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చిపోయి నల్లి విజృంభిస్తుంది. మందు కొట్టిన వారానికి ముడత ఎక్కువైందని రైతులు చెప్పే సందర్భాల్లో చాలాసార్లు కారణం ఇదే.

'తగ్గలేదు' అని రాశారు. ఏ ఆకును చూసి అలా అనుకున్నారు? ఒకసారి ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోదు, మందు బాగా పనిచేసినా సరే. ఆ ఆకులను చూసి మందు పనిచేయలేదనుకుంటే పదే పదే కొడుతూనే ఉంటాం. మందు కొట్టిన తర్వాత ఏడెనిమిది రోజులకు కొత్తగా వచ్చిన చిగురు ఎలా ఉందో చూడండి. కొత్త చిగురు చదునుగా, నిగనిగలాడుతూ వస్తుంటే మీ మందు పని చేసినట్టే, ఇంకొకటి అవసరం లేదు. కొట్టిన రోజే ఐదారు మొక్కలకు రంగు దారం కట్టి, ఆ మొక్కలనే మళ్లీ చూస్తే పోలిక స్పష్టంగా తెలుస్తుంది.

కింది ముడతే అని, నల్లి ఉందని తేలితే స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్.సి. లీటరు నీటికి 0.8 మి.లీ. వేయండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పడతాయి కాబట్టి మందు 160 మి.లీ., 16 లీటర్ల ట్యాంకుకు 13 మి.లీ. అవుతుంది. ఖర్చు తగ్గించాలంటే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అంటే ట్యాంకుకు 48 గ్రాములు వాడవచ్చు. గంధకాన్ని ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కొట్టకండి, వేప నూనె వంటి నూనె మందు కొట్టిన రెండు వారాల్లోపు అసలే వద్దు, ఆకు మాడుతుంది. పై ముడతే అని, పురుగులు కాగితం మీద రాలాయని తేలితే స్పైనోసాడ్ 45 ఎస్.సి. లీటరుకు 0.3 మి.లీ., ట్యాంకుకు 5 మి.లీ. చాలు. రెండూ కలిసి ఉంటే డయాఫెంథియురాన్ 50 డబ్ల్యు.పి. లీటరుకు 1.25 గ్రాములు, ట్యాంకుకు 20 గ్రాములు. వీటిలో ఒక్కటే కొట్టండి, రెండు మూడు కలిపి ట్యాంకులో పోయకండి. సాయంత్రం తేనెటీగలు తిరగడం ఆగాక, చిగురు అడుగు భాగం తడిసేలా నాజిల్‌ను కింది నుంచి పైకి పెట్టి కొట్టాలి. పురుగు ఉండేది అక్కడే. పైనుంచి కొట్టిన మందు ఆకు పై భాగం మీదే ఆరిపోతుంది. అప్పుడు ఎంత మంచి మందైనా పురుగును తాకదు.

ఇప్పుడు ఫొటో గురించి. మళ్లీ స్క్రీన్‌షాట్ తీయకండి, కెమెరాతో తీసిన అసలు ఫొటోనే పంపండి. స్క్రీన్‌షాట్‌లో బొమ్మ తెర సైజుకే వస్తుంది, దాన్ని పెద్దది చేసి చూస్తే పురుగు, మచ్చ అన్నీ మసకబారిపోతాయి. వాట్సాప్‌లో అయితే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే స్పష్టత తగ్గదు. చిగురు అడుగు భాగం దగ్గరగా తీసినది ఒకటి, మొక్క మొత్తం కనబడేది ఒకటి, డబ్బా మీద చిన్న అక్షరాల పేరు చదవగలిగేది ఒకటి చాలు. నీడలో తీయండి, ఎండలో ఆకు మెరిసి మచ్చలు కనబడవు. ఫొటోతో పాటు ముడత పైకో కిందికో, కాగితం మీద ఏం రాలిందో, చివరి మందు ఎన్ని రోజుల క్రితం కొట్టారో రెండు ముక్కలు రాయండి. ఈసారి కూడా బొమ్మ వెళ్లకపోతే ఈ రెండు ముక్కలు చేరినా చాలు, నేను జవాబు ఇవ్వగలను. రాయడం కుదరకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి ఇవే వివరాలు చెప్పండి, అక్కడ తెలుగులోనే మాట్లాడతారు. కారణం తేలేదాకా మూడో మందు కొనకండి.