వరసగా ఐదు మ్యాచ్‌లు కరెక్ట్ చెప్పిన ఛానల్ ఇప్పుడు ముందు ట్యాక్స్ కట్టమంటోంది

ప్రశ్న: అన్నా, మా తమ్ముడు తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాడు. టెలిగ్రామ్‌లో ఒక ప్రిడిక్షన్ ఛానల్ వాడికి వరసగా ఐదు మ్యాచ్‌లు కరెక్ట్‌గా చెప్పింది. వాళ్లు పంపిన లింకులో ఉన్న ఫాంటసీ సైట్‌లో 5,000 వేశాడు, ఇప్పుడు వాలెట్‌లో 42,000 చూపిస్తోంది. డ్రా చేయాలంటే ముందు 30% ట్యాక్స్ కింద 12,600 పంపమంటున్నారు. ఛానల్ నిండా గెలిచినవాళ్ల స్క్రీన్‌షాట్లే. కట్టొచ్చా?

జవాబు:

కట్టనివ్వద్దు.

నాకు బాలాజీ కాలనీలో నెట్ సెంటర్ ఉంది. యూనివర్సిటీ పిల్లలు హాల్ టికెట్లకీ, స్కాలర్‌షిప్ ఫారాలకీ వస్తుంటారు. ఐపీఎల్ నడిచే రోజుల్లో మాత్రం కొందరు పక్కకి పిలిచి మెల్లగా, "అన్నా, సైబర్ కంప్లైంట్ ఎట్ల పెట్టాల?" అని అడుగుతారు. అలా వచ్చినవాళ్లలో చాలామంది చిక్కుకున్నది సరిగ్గా ఈ ట్యాక్స్ దగ్గరే.

వాళ్లు ట్యాక్స్ పేరే ఎందుకు వాడతారంటే, అందులో సగం నిజం ఉంది. ఆన్‌లైన్ గేముల్లో గెలిచిన డబ్బు మీద 30% టీడీఎస్ ఉన్న మాట వాస్తవం. కానీ టీడీఎస్ అనేది డబ్బు ఇచ్చేవాడు తన దగ్గరే కోసుకుని, మిగతాది మన చేతికి ఇచ్చే పద్ధతి. వాలెట్‌లో నిజంగా 42,000 ఉంటే దాంట్లోంచే పట్టుకోవచ్చు కదా, బయటినుంచి మన డబ్బు ఎందుకు? పైగా లెక్క కూడా తప్పు. 2023 ఏప్రిల్ 1 నుంచి మారిన లెక్క ప్రకారం, మనం వేసిన డబ్బు పోను మిగిలిన లాభం మీదే పన్ను. 42,000 లో మీ తమ్ముడు వేసిన 5,000 తీసేస్తే 37,000, దాని మీద 30% అంటే 11,100. వాళ్లు మొత్తం 42,000 మీద గీసి 12,600 అన్నారు. అలా కోసిన పన్ను మన పాన్ మీద జమై, ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో ఫారం 26AS లో కనిపిస్తుంది. ఈ సైటు వాడి పాన్ నంబరు అసలు అడిగిందో లేదో కనుక్కోండి.

రేణిగుంట రోడ్డులో పనిచేసే ఒక అబ్బాయి ఇలాగే ట్యాక్స్ కట్టేశాక మా షాపుకి వచ్చాడు. తర్వాత జీఎస్టీ అన్నారట. జీఎస్టీ గేములో వేసే డబ్బు మీద పడేది, డ్రా చేసేటప్పుడు కట్టేది కాదు. అది కూడా కట్టాక "అకౌంట్ వెరిఫికేషన్ డిపాజిట్, తిరిగి ఇచ్చేస్తాం" అన్నారు. అతని పేమెంట్ హిస్టరీ తీసి చూస్తే ప్రతిసారీ డబ్బు వెళ్లింది వేరే వేరే మనుషుల పేర్లకి. పంపే ముందు యూపీఐ స్క్రీన్ మీద వచ్చే ఆ పేరు మనవాళ్లు చదవరు. కంపెనీకి కడుతున్నాం అనుకుంటూ ముక్కూ మొహం తెలియని ఎవరి సేవింగ్స్ ఖాతాకో పంపేస్తారు. మీ తమ్ముడి మొదటి 5,000 ఎవరి పేరు మీద వెళ్లిందో ముందు అది చూడండి.

ఇక ఐదు మ్యాచ్‌ల సంగతి. ఇది అర్థమైతే మీ తమ్ముడికి ఆ ఛానల్ మీదున్న నమ్మకం దానంతట అదే పోతుంది. ఒక ఐపీఎల్ సాయంత్రం ఒకే హాస్టల్ పిల్లలిద్దరు మా షాపులో పక్కపక్కనే కూర్చున్నారు. ఒకే టిప్స్ మనిషి ఇద్దరికీ ప్రైవేటుగా మెసేజ్ పెట్టాడు. ఒకడికి చెన్నై, ఇంకొకడికి బెంగళూరు! ఫోన్లు పక్కన పెట్టి చూసుకునే దాకా ఇద్దరికీ తెలీదు. లెక్క సులువు. 1,600 మందితో మొదలుపెట్టి సగం మందికి ఒక టీం, సగం మందికి ఇంకో టీం చెప్తాడు. తప్పు వెళ్లిన 800 మందిని వదిలేసి, మిగతా 800 మందిని మళ్లీ రెండు చేస్తాడు. తర్వాత 400, 200, 100, చివరికి 50. ఐదో మ్యాచ్ అయ్యేసరికి ఆ 50 మంది దృష్టిలో వాడు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మెంబర్‌షిప్ డబ్బులు అడిగేదీ, లింకు పంపేదీ ఆ 50 మందికే. క్రికెట్ ఏమీ తెలియకపోయినా ఈ పని చేయొచ్చు. ఇలాంటి ఛానల్ వాళ్లలో కొందరికి ఆ లింకు మీద కూడా ఆదాయం ఉంటుంది. దాని ద్వారా చేరినవాళ్లు పోగొట్టుకున్న దాంట్లో వాటా వస్తుంది. అంటే మనం ఓడితేనే వాడికి డబ్బు.

ప్రైవేటు మెసేజ్ కాకుండా ఛానల్‌లోనే పబ్లిక్‌గా చెప్పాడు అంటే, తప్పినవి డిలీట్ చేస్తున్నాడేమో చూడాలి. టెలిగ్రామ్‌లో పోస్టు మారిస్తే టైము పక్కన edited అని పడుతుంది, డిలీట్ చేస్తే మాత్రం గుర్తు ఏమీ ఉండదు. కానీ పబ్లిక్ ఛానల్ పోస్టు లింకు కాపీ చేస్తే చివర ఒక నంబరు వస్తుంది. అవి వరసగా నడుస్తాయి. ఒక పోస్టు 412, దాని కిందది 419 అయితే మధ్యలో ఆరు మాయమైనట్టు. ఒకేసారి నాలుగైదు ఫోటోలు పెడితే ఒక్కో ఫోటోకీ ఒక నంబరు పోతుంది కాబట్టి అంతవరకూ మినహాయించుకోండి. మ్యాచ్ ఉన్న ప్రతి రోజూ ఇలా ఖాళీలు కనిపిస్తున్నాయంటే తప్పిన టిప్పులు అక్కడివే.

స్క్రీన్‌షాట్లు అన్నీ ఎడిట్ చేసినవే అయ్యుండనక్కర్లేదు. ఫాంటసీలో ఆటగాళ్లని ఎంచుకుని మనమే టీం కడతాం కదా, ఒకే కాంటెస్ట్‌లో అలాంటివి పదో ఇరవయ్యో టీంలు వేసి, పైకి వచ్చిన ఒక్కటే చూపిస్తారు. మిగతా టీంల ఎంట్రీ ఫీజు ఎంత పోయిందో ఆ బొమ్మలో ఉండదు. ఇంకో సంగతి, టీం మార్చుకునే డెడ్‌లైన్ దాటాక అందరి టీంలూ అందరికీ కనిపిస్తాయి. మొదటి ర్యాంకు టీం ఎవరిదో చూసి, అదే "మా ప్రైమ్ మెంబర్లకి ఇచ్చిన టీం" అని పోస్ట్ చేయడం పెద్ద కష్టం కాదు. కాబట్టి డెడ్‌లైన్‌కి ముందు టైముతో పోస్ట్ చేసిన టీం చూపించమనండి. ఇలా అడిగినవాళ్లని బ్లాక్ చేయడమే నేను చూశాను.

మన రాష్ట్రంలో 2020లోనే గేమింగ్ చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా ఫాంటసీతో సహా డబ్బు ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది, పేరున్న కంపెనీలు ఆ వెంటనే డబ్బు కాంటెస్టులు ఆపేశాయి. అయినా మీ తమ్ముడి దగ్గర డిపాజిట్ తీసుకున్నారంటే ఆ సైటు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది. వాడు కోపంతో "నా 5,000 నాకు ఇచ్చేయండి" అని మెసేజ్ పెట్టకముందే చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీయించండి. టెలిగ్రామ్‌లో అవతలివాడు చాట్‌ని మన ఫోన్లోంచి కూడా చెరిపేయగలడు. అవతలివాడి యూజర్‌నేమ్, ఛానల్ లింకు, సైటు అడ్రస్, పేమెంట్‌లోని 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు, డబ్బు అందుకున్న యూపీఐ ఐడీ రాసి పెట్టుకోండి. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో పెట్టండి. డబ్బు ఇంకా ఆ ఖాతాల్లోనే ఉంటే ఆపగలరు, అందుకే ఈ రోజే చేయాలి. ఆ 42,000 గురించి ఆశ పెట్టుకోవద్దు, అది స్క్రీన్ మీద అంకె మాత్రమే. కంప్లైంట్‌లో రాయాల్సింది పోయిన 5,000.

కొన్ని రోజులకి "మీ డబ్బు రికవరీ చేసిపెడతాం" అని ఇంకొకరు మెసేజ్ పెడతారు. రేణిగుంట అబ్బాయికి పెట్టారు. వాళ్లు కూడా ముందు ఫీజే అడిగారు.