మీ బాబు బడిలో పిల్లల్ని కొడుతున్నాడని కబురొచ్చాక

అమ్మా, నాయనా,

మొన్న సాయంత్రం బడి గేటు దగ్గర మిమ్మల్ని చూశాను. "ఇవాళ కూడా ఇద్దర్ని కొట్టాడండి" అని టీచర్ చెప్తుంటే నువ్వు తల దించుకున్నావు తల్లీ, వాళ్ల నాన్నేమో అందరి ముందే వాడి చెవి మెలేసి, "మీరు కూడా రెండు తగిలించండి మేడమ్" అన్నాడు. అక్కడ మాట్లాడితే మీకు ఇంకా ఇబ్బందిగా ఉంటుందని ఊరుకున్నాను, అందుకే ఇలా రాస్తున్నాను. ముందు ఆ తగిలించడం సంగతి. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, 17వ సెక్షన్, కాబట్టి టీచర్‌ని అలా అడగకండి. చట్టం మాట పక్కన పెట్టినా, కొట్టొద్దని చెప్పడానికి మనం కొడితే, పెద్దవాళ్లయితే కొట్టొచ్చన్న మాటే వాడికి అర్థమవుతుంది.

గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకే చెప్పాను. ఆ వయసులో కొట్టే పిల్లలు ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉండేవాళ్లు. చేయి చేసుకోవడం ఎక్కువగా కనిపించేది రెండు నుంచి నాలుగేళ్ల మధ్య, మాటలు పెరిగేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. ఐదేళ్లు వచ్చినా తగ్గలేదంటే ఆ కొట్టడం వల్ల వాడికి ఏదో పని జరుగుతోందన్నమాట. ఆ పనేంటో కనిపెట్టకుండా ఎంత తిట్టినా, ఎంత బతిమాలినా ఫలితం ఉండదు. ఎలా కనిపెట్టాలో నాకు బాగా గుర్తున్న ఒక పిల్లాడి సంగతితో చెప్తాను.

వాడిది బ్రాడీపేట, యూకేజీ, అచ్చం మీ వాడి ఈడే. రోజూ ఫిర్యాదులే. ఇంట్లో వాళ్లు "వీడికి కోపం ఎక్కువండీ, మా మావగారి పోలిక" అనేవాళ్లు, నేను కూడా కొన్నాళ్లు అదే నమ్మాను. తర్వాత ఒక రఫ్ నోట్‌బుక్ తీసి ఐదు గళ్లు గీశాను. టైము, ఎక్కడ, ఎవర్ని, దానికి ముందు ఏం జరిగింది, ఆ తర్వాత ఏం జరిగింది, అంతే. రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. కంటికి కనిపించిందే రాయాలి, "కోపమొచ్చి కొట్టాడు" అని రాయకూడదు, ఎందుకంటే కోపం అనేది మనం ఊహించుకున్నది. "ఇద్దరు పిల్లలు ఇసుకలో గొయ్యి తవ్వుతున్నారు, వీడు వెనక నుంచి వచ్చి ఒకడి వీపు మీద చరిచాడు" అని రాయాలి.

పది బడి రోజుల్లో పద్నాలుగు సార్లు కొట్టాడు. అందులో రెండు సార్లు వాడి చేతిలో బొమ్మ ఎవరో లాక్కున్నారు. మూడు సార్లు అన్నానికి ముందు, చేతులు కడుక్కునే లైన్‌లో, అప్పటికి ఆకలి మీద ఉన్నాడు. మిగతా తొమ్మిదీ ఒక్క తీరే. ఇంటర్వెల్లో మిగతా పిల్లలు అప్పటికే ఏదో ఆట మొదలుపెట్టి ఉంటారు, వీడు కాసేపు నిలబడి చూసి, వెనక నుంచి వచ్చి అరచేత్తో వీపు మీద ఒకటి వేస్తాడు. వేస్తూ నవ్వుతాడు! అన్నాళ్లూ ఆ నవ్వుని నేను పొగరనుకున్నాను. చివరి గడి చూశాక గానీ విషయం తెలియలేదు. ఆ తొమ్మిదింట్లో ఆరు సార్లు దెబ్బ తిన్నవాడు లేచి వీణ్ణి తరుముకున్నాడు. అంటే వాడికి కావలసిన ఆట దొరికింది. కొడితే ఎవరో ఒకరు వెంటపడతారు, ఊరికే నిలబడితే ఎవరూ పిలవరు, ఇదీ వాడు నేర్చుకున్న లెక్క.

వాళ్లమ్మని పిలిచి ఇంట్లో ఎవరితో ఆడతాడని అడిగితే, వాళ్ల బాబాయ్ రోజూ రాత్రి ఎనిమిదికి షాపు నుంచి వచ్చి, వీపు మీద ఒక్కటి చరిచి "రారా చూసుకుందాం" అంటాడనీ, ఇద్దరూ మంచం మీద కుస్తీ పడతారనీ చెప్పింది. వాడికి రోజంతట్లో అదే ఇష్టమైన టైమట. ఇంట్లో వీపు మీద దెబ్బంటే ఆటకి పిలుపు, అదే పిలుపుని బడికి తెచ్చాడు.

అందుకని మీరు కూడా ముందు ఆ ఐదు గళ్లే గీయండి. బడిలో టీచర్ రాస్తుంది, ఆవిడతో నేను మాట్లాడతాను, అపార్ట్‌మెంట్ కింద సెల్లార్లో ఆడేటప్పుడు మీరు రాయండి. రెండు వారాలు చాలు. ఈలోపు సాయంత్రం ఆటో దిగగానే "ఇవాళ ఎవర్ని కొట్టావ్?" అని అడగడం మానేయండి. అలా అడిగితే వాడు అబద్ధం నేర్చుకుంటాడు, లేదా ఇంట్లో అందరూ తన చుట్టూ చేరేది ఆ కబురుకే అని కనిపెడతాడు. "ఇవాళ ఎవరితో ఆడావు, ఏం ఆట?" అని అడగండి. ఎవరి పేరూ చెప్పలేకపోతే అది కూడా పుస్తకంలో రాయండి.

బ్రాడీపేట పిల్లాడికి మేం నేర్పింది ఒక్కటే, జరుగుతున్న ఆటలోకి ఎలా వెళ్లాలో. పెద్దవాళ్లం సాధారణంగా "నేనూ ఆడొచ్చా అని అడుగు నాన్నా" అంటాం, కానీ అలా అడిగితే ఆ వయసు పిల్లలు చాలాసార్లు "వద్దు, మేం ఇద్దరమే" అనేస్తారు. ఆటలో తేలిగ్గా కలిసిపోయే పిల్లల్ని గమనించండి, వాళ్లు అడగరు. దగ్గరగా నిలబడి ఆ ఆటేంటో చూస్తారు, తర్వాత పక్కనే కూర్చుని వాళ్లు చేసేదే తామూ చేస్తారు, ఆ తర్వాత ఆటకి పనికొచ్చేది ఒకటి అందిస్తారు. వాళ్లు గొయ్యి తవ్వుతుంటే వీడు కొబ్బరి చిప్పతో నీళ్లు తెస్తాడు, బస్సాట ఆడుతుంటే టికెట్ ఇవ్వమని వెనక నిలబడతాడు. దీన్ని ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు ఆడించాలి, పొట్ట నిండి వాడు హుషారుగా ఉన్నప్పుడు, తప్పు చేసిన రోజు క్లాసు పీకినట్టు కాదు. నువ్వూ, వాళ్ల నాన్నా కింద కూర్చుని గిన్నెలతో వంటాట ఆడండి, వాడిని చూడమనండి, పక్కన కూర్చోమనండి, "ఉప్పు కావాలా?" అంటూ కలవమనండి. ఒక్కోసారి మీరు కావాలని "వద్దు" అనండి, ఎందుకంటే ఎంత బాగా వెళ్లినా వద్దనే పిల్లలు ఉంటారు. అప్పుడు కొట్టకుండా ఇంకో ఆట దగ్గరికి వెళ్లడం కూడా నేర్పాల్సిందే. మా వాడికి అన్నిటికంటే కష్టమైంది ఇదే.

బాబాయ్‌తో కుస్తీ మాన్పించలేదు. కుస్తీలో పిల్లలు ఎంత బలం వాడాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకుంటారు, అది పోగొట్టకూడదు. ఆట పద్ధతి మాత్రం మార్చాం. చరిచి మొదలుపెట్టడం పోయి, ఇద్దరూ దుప్పటి పరిచి ఎదురెదురుగా కూర్చుని చేతులు కలిపితేనే ఆట మొదలు. ఎవరు "స్టాప్" అన్నా ఆ క్షణమే ఆగాలి, బాబాయ్ అన్నా, వాడన్నా. రాత్రికి నాలుగైదు సార్లు బాబాయ్ కావాలనే స్టాప్ అనేవాడు. నెల తిరక్కుండానే బడిలో ఎవరైనా "స్టాప్" అంటే మా వాడి చెయ్యి గాల్లోనే ఆగడం చూశాను.

ఇంతా చేస్తున్నా మధ్యలో కొడతాడు. అప్పుడు ముందు దెబ్బ తిన్న బిడ్డ దగ్గరికి వెళ్లండి, మీ వాడి దగ్గరికి కాదు. ఆ బిడ్డని ఓదార్చాక మీ వాడి ఎత్తుకి వంగి, చెయ్యి మెత్తగా పట్టుకుని, "కొట్టకూడదు. వాడికి నొప్పి పుట్టింది. నీకు ఆడాలనుంది, నీళ్లు తీసుకెళ్లు" అనండి, అంతకంటే ఎక్కువ వద్దు. బలవంతంగా సారీ చెప్పించకండి. మొదట్లో నేను అందరి చేతా చెప్పించేదాన్ని, సారీ అనేసి వెళ్లి రెండు నిమిషాల్లో మళ్లీ కొట్టేవాళ్లు. దానికి బదులు ఆ బిడ్డకి మంచినీళ్లు తెచ్చివ్వమనండి, పడగొట్టిన ఇసుక గూడు కలిసి కట్టమనండి. కొట్టకుండా ఆటలో కలిసిన రోజు వెంటనే, అక్కడే చెప్పండి, "నీళ్లు తెచ్చావ్, వాళ్లు నిన్ను కలుపుకున్నారు, చూశాను" అని. ఉత్తి "గుడ్ బాయ్" అంటే ఏది మెచ్చుకున్నారో వాడికి తెలియదు.

మొదటి వారం ఇంకా ఎక్కువ కొట్టొచ్చు, అలవాటైన దారి మూసుకుపోతే పిల్లలు దాన్నే గట్టిగా తోస్తారు, టెన్షన్ పడకండి. మా వాడికి రెండు వారాలకి పద్నాలుగున్నది ఆరో వారం అయ్యేసరికి నాలుగుకి వచ్చింది. దసరా సెలవులయ్యాక మళ్లీ పెరిగింది, మళ్లీ ఐదు నిమిషాల ఆట మొదలుపెట్టాం, తగ్గింది.

మీ పుస్తకంలో ఇదే కనిపించాలని లేదు. బొమ్మ లాక్కున్నప్పుడే కొడుతుంటే "అది నాది, ఇచ్చెయ్" అని గట్టిగా అనడం నేర్పాలి. అన్నం టైముకి ముందే కొడుతుంటే పొద్దున ఏం తిని వెళ్తున్నాడో చూడాలి, పాలు మాత్రం తాగి వెళ్లే పిల్లలకి పదకొండున్నరకల్లా ఓపిక అయిపోతుంది. వెనక నుంచి పిలిస్తే పలక్కపోవడం, తరచూ జలుబు, టీవీ సౌండ్ పెంచమనడం ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ చేత చెవులు చూపించండి. ఒక పాప విషయంలో అదే జరిగింది. జలుబు తర్వాత చెవి లోపల నీరు చేరి సగం మాటలు వినపడక, ఎవరు దగ్గరికొచ్చినా తోసేసేది. ఆరు వారాలు గట్టిగా చేసినా తగ్గకపోయినా, మాటలు ఈడుకి తగ్గట్టు రాకపోయినా, కొట్టడంలో నవ్వు కాకుండా పగ కనిపించినా, జంతువుల్ని హింసిస్తున్నా పిల్లల డాక్టర్‌ని కలవండి. ఎదుగుదలలో తేడాలు చూసే సర్కారు పథకం కూడా ఉంది, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పద్దెనిమిదేళ్ల వరకు పరీక్షలు ఉచితం. ఇంట్లోగానీ ఆటోలోగానీ ఎవరైనా వాడిని కొడుతున్నారేమో కూడా నెమ్మదిగా తెలుసుకోండి.

రెండు మాటలు పెద్దవాళ్ల గురించి. మీ అమ్మమ్మగారు ప్రేమతోనే "మనవాడు కొట్టించుకుని రాడు" అని నలుగురిలో అంటారని నాకు తెలుసు, వాడు వినేటప్పుడు అనొద్దని నా మాటగా చెప్పండి. "రౌడీ" అని ముద్దుకి కూడా పిలవకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరైనా మీ వాడి గురించి పెడితే అక్కడ జవాబివ్వకండి, ఆ బిడ్డ వాళ్లమ్మకి విడిగా ఫోన్ చేసి "మేం దీని మీద పని చేస్తున్నాం, మీ పాపకి ఎలా ఉంది?" అని అడగండి. వీలైతే ఒక ఆదివారం ఆ పిల్లని మీ ఇంటికి ఆడుకోవడానికి పిలవండి, ఒక్కరినే, గంటసేపే, మీరు పక్కనే ఉండి. గుంపులో కలవలేని పిల్లలు ఒక్కరితో తొందరగా కలుస్తారు.

సోమవారం నుంచి గళ్లు గీయడం మొదలుపెట్టండి. రెండు వారాలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ రండి, సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటాను. వాడిని కూడా తీసుకురండి, మా వరండాలో ఇసుక ఉంది.