కమ్యుటేషన్ కోత 15 ఏళ్లకు ఆగాలి, ఏ తేదీ నుంచి లెక్క?

ప్రశ్న: 2010 జూన్ 30న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి 60 ఏళ్లకు రిటైరయ్యాను. పెన్షన్ రూ.15,000లో 40 శాతం కమ్యూట్ చేశాను, అంటే ఆ భాగాన్ని వదులుకుని బదులుగా ముందే ఒకేసారి సొమ్ము తీసుకున్నాను. ఇప్పుడు నా మూల పెన్షన్ రూ.38,550. 15 ఏళ్లు నిండాయి కాబట్టి అందులో 40 శాతం, అంటే రూ.15,420 పెరగాలి కదా? 2025 డిసెంబరు పెన్షన్‌లోనూ కోత పడింది. బ్యాంకును ఏమని అడగాలి? – ఒక పెన్షనర్, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: పెరిగేది రూ.6,000 మాత్రమేనండి. ముందే చెప్పడం మంచిదనిపించింది, ఎందుకంటే ఈ లెక్క చాలామందిని నిరాశపరుస్తోంది. మీరు వదులుకున్నది 2010 నాటి రూ.15,000లో 40 శాతం. 2016లో పెన్షన్‌ను 2.57 రెట్లు చేసి రూ.38,550గా సవరించినా కోత మాత్రం రూ.6,000 దగ్గరే ఉండిపోయింది. కరువు భత్యం మొదటి నుంచీ కోత లేని పూర్తి పెన్షన్ మీదే లెక్కిస్తారు. అందువల్ల వదులుకున్న భాగం తిరిగి వచ్చినా భత్యం పెరగదు.

ఇక తేదీ. 15 ఏళ్లను రిటైరైన రోజు నుంచి కాదు, కోత అమల్లోకి వచ్చిన రోజు నుంచి లెక్కిస్తారు. మీ 2010 నాటి పాస్‌బుక్ తీసి చూడండి. జులై, ఆగస్టు పెన్షన్లు కోత లేకుండా పూర్తిగా జమ అయి, ఆ తర్వాత ఒక రోజు రూ.5,89,968 పడి ఉంటే, ఆ జమ తేదీయే మీకు ముఖ్యం. 61వ ఏటికి నిర్ణయించిన 8.194 గుణకంతో, రూ.6,000 × 12 × 8.194గా వచ్చే మొత్తమిది. ఉదాహరణకు అది సెప్టెంబరు 22న జమ అయి, ఆ రోజు నుంచే కోత మొదలైందనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి కోత ఆగాలి. ఆ నెలలో 9 రోజులకు రూ.1,800, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రూ.18,000, మొత్తం రూ.19,800 బకాయి మీకు రావాలి. మొత్తం సొమ్ము మొదటి నెలలోనే అందిన వారికి పెన్షన్ మొదలైన రోజు నుంచే లెక్క.

మీ రూ.5,89,968ను 99 నెలల్లోనే లాగేసుకున్నారు కదా, తర్వాతిదంతా ఎందుకని చాలామంది అడుగుతారు. ముందుగా ఇచ్చిన సొమ్ముకు వడ్డీ ఉంటుంది. 8 శాతం వడ్డీతో లెక్క వేస్తే తీరేది సుమారు 160 నెలలకు, అంటే 13 ఏళ్ల 4 నెలలకు. మిగిలిన కాలం, పెన్షనర్ మధ్యలో మరణిస్తే ప్రభుత్వం భరించే నష్టానికి. అలా జరిగితే మిగతా సొమ్మును కుటుంబం నుంచి వసూలు చేయరు, కుటుంబ పెన్షన్‌లో కోత వేయరు. 12 ఏళ్లకే పునరుద్ధరించాలని ఐదో వేతన సంఘం సిఫారసు చేసినా ప్రభుత్వం అంగీకరించలేదు. నా దృష్టిలో అది న్యాయమైన సిఫారసే.

బ్యాంకు రికార్డులో కమ్యుటేషన్ తేదీ ఉంటే మీరు అడగకుండానే కోత ఆపాలి. ఆపలేదంటే తేదీ లేకపోయి ఉండవచ్చు లేదా తప్పుగా పడి ఉండవచ్చు. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు అయిన పీపీవో నకలు, సొమ్ము జమ అయిన పాస్‌బుక్ పేజీ నకలు జతచేసి, కోత మొదలైన తేదీని, బకాయి మొత్తాన్ని రాసి, మీ బ్యాంకు శాఖ ద్వారా ఆ బ్యాంకు పెన్షన్ విభాగానికి దరఖాస్తు ఇవ్వండి. అందినట్లు రసీదు తీసుకోండి. వచ్చే నెల పెన్షన్ స్లిప్పులో ‘కమ్యుటేషన్’ వరుసలో రూ.6,000 కనిపించకూడదు.