ఆస్పత్రిలో ఒక బీపీ, ఇంట్లో ఇంకో బీపీ: ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. క్లినిక్‌కి వెళ్తే బీపీ 156/96 వస్తోంది, ఇంట్లో మెషిన్‌తో చూస్తే 124/78. మందు రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు. మా వారు మిర్చి యార్డులో పని చేస్తారు, సిగరెట్లు కాలుస్తారు. ఆయనకు క్లినిక్‌లో 128/82 ఉంటే, ఇంట్లో 146/92 చూపిస్తోంది. మెషిన్ పాడైందా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మెషిన్ పాడైతే మీ ఇద్దరికీ ఒకే వైపు తప్పు చూపించాలి కదా! నాకైతే మీకన్నా మీ వారి గురించే ఎక్కువ ఆలోచన.

మీది వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అయి ఉండొచ్చు. డాక్టర్ ఎదురుగా కూర్చునేసరికి టెన్షన్‌కి బీపీ పెరుగుతుంది, ఇంటికెళ్తే దిగిపోతుంది. మీ వారిది తలకిందులు, దాన్ని మాస్క్‌డ్ అంటాం. గంటసేపు సిగరెట్ లేకుండా, యార్డు గొడవ లేకుండా ఏసీ గదిలో కూర్చున్నాక చూస్తే మామూలుగానే కనిపిస్తుంది, మనమూ బాగుందని పంపించేస్తాం. గుండెకు, మెదడుకు ముప్పు మాత్రం ఎప్పుడూ బీపీ ఉన్నవాళ్లకి దాదాపు ఎంతో అంత ఉంటుంది, కానీ మందు పడదు.

అయితే ఒకటి రెండు రీడింగులతో ఏదీ తేల్చలేం. ఇద్దరూ వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం ఆగి ఆగి చూసుకోండి. పొద్దున కాఫీకి, మందులకు ముందే చూడాలి. దానికి ముందు అరగంట సిగరెట్ వద్దు, మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు, మాట్లాడకూడదు (టీవీ సీరియల్ కూడా ఆపేయండి). మణికట్టు మెషిన్ వద్దు, భుజానికి కట్టేదే కావాలి, పట్టీ మీ చెయ్యి లావుకి సరిపోవాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే, 135/85 కన్నా తక్కువైతే ఇంట్లో మామూలే, అంత వచ్చినా దాటినా ఎక్కువే. క్లినిక్‌లో గీత 140/90 అని గుర్తుంచుకోండి, రెండూ ఒకటి కాదు.

కానీ నిద్రలో బీపీ ఇంటి మెషిన్ చూపదు, యార్డులో పని మధ్యలోది కూడా చూపదు. మీ వారికి 24 గంటల ఏబీపీఎం పరీక్ష అడగండి. నడుముకు చిన్న పెట్టె, భుజానికి పట్టీ కట్టి పంపిస్తారు. పగలు 20-30 నిమిషాలకోసారి, రాత్రి ఇంకొంచెం ఆగి ఆగి అదే కొలుస్తుంది. పట్టీ బిగిసినప్పుడు చెయ్యి కదపకూడదు, ఎప్పుడు పడుకున్నారో రాసుకోవాలి. సెలవు రోజు పెట్టించుకుంటే ఉపయోగం లేదు, పనికెళ్లే రోజే పెట్టించుకోవాలి. 24 గంటల సగటు 130/80కి గానీ, రాత్రి సగటు 120/70కి గానీ చేరినా, దాటినా అది నిజం బీపీయే, క్లినిక్‌లో 128 వచ్చినా సరే. ఆయన గురక పెడతారా, పగలు నిద్రకి తూలుతుంటారా అన్నదీ డాక్టర్‌కి చెప్పండి, రాత్రి బీపీ వెనక అదీ ఉండొచ్చు.

మీ వారం సగటు తక్కువే వస్తే, మీరు మందు మొదలుపెట్టే ముందు ఆ అంకెల కాగితాన్ని మందు రాసిన డాక్టర్‌కే చూపించండి. ఈసీజీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుండి, మూత్రంలో ప్రోటీన్ పోకుండా ఉంటే చాలామందికి మందు లేకుండానే చూస్తాం. ఏడాదికోసారి మళ్లీ ఇలాగే కొలవాలి, ఎందుకంటే కొందరికి కొన్నేళ్లలో అది నిజం బీపీగా మారుతుంది. వెళ్లేటప్పుడు మెషిన్ కూడా పట్టుకెళ్లి వాళ్ల దానితో పోల్చి చూసుకోండి.