చిన్న బ్యాంకుకి ఏ క్లౌడ్? ముందు ఆఫీసుకీ క్లౌడ్‌కీ మధ్య ఉండే లింకు సంగతి చూడండి

ప్రశ్న: మాది 12 బ్రాంచిల అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు. సర్వర్లు హెడ్డాఫీసులోనే ఉన్నాయి, బాగా పాతబడ్డాయి. ఒక వెండర్ అంతా పబ్లిక్ క్లౌడ్‌కి మార్చేయమంటున్నారు, ఇంకొకరు హైబ్రిడ్ అంటున్నారు. కమ్యూనిటీ క్లౌడ్ అని కూడా ఒకటి ఉందట. ఏది తీసుకోవాలి?

మీ స్థాయి బ్యాంకు అయితే ఖాతాల లెక్కలు నడిపే కోర్ బ్యాంకింగ్‌ని కమ్యూనిటీ క్లౌడ్‌లో, అంటే బ్యాంకులు ఉమ్మడిగా వాడుకునే క్లౌడ్‌లో పెట్టండి. కస్టమర్ యాప్, ఎస్సెమ్మెస్‌లు, టెస్టింగ్ పబ్లిక్‌లో పెట్టుకోండి. హెడ్డాఫీసు గదిని కొత్త సర్వర్లతో నింపి దానికి ప్రైవేట్ క్లౌడ్ అని పేరు పెట్టడం మాత్రం వద్దు. ఇక హైబ్రిడ్ అంటారా, అంటే కొంత ఆఫీసులో, కొంత క్లౌడ్‌లో ఉంచడం, ఏ దారిన బయలుదేరినా చిన్న బ్యాంకులన్నీ కొంతకాలమైనా అక్కడ ఆగాల్సిందే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను. వెండర్ల ప్రజెంటేషన్లో రెండు డబ్బాలు, వాటి మధ్య ఒక గీత ఉంటాయి. డబ్బాల గురించి గంటసేపు చెబుతారు, గీత గురించి ఒక్క మాట కూడా చెప్పరు.

నేను కోస్తాలో ఒక కోఆపరేటివ్ బ్యాంకు ఐటీ విభాగంలో పనిచేశాను. కోర్ బ్యాంకింగ్ డేటాబేస్ హెడ్డాఫీసులో ఉండేది, మొబైల్ యాప్ సర్వర్లు ముంబైలోని పబ్లిక్ క్లౌడ్‌లో ఉండేవి. మధ్యలో లీజ్డ్ లైన్ మీద వీపీఎన్ టన్నెల్, అంటే డేటా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లే దారి. ఆ లైన్ పోతే మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద రెండో టన్నెల్ దానంతట అదే లేచేది. కాగితం మీద చూస్తే లోటేమీ లేదు.

ఒకటో తారీఖున, పెన్షన్లు పడే రోజు, పొద్దున్నే ఒక బ్రాంచి మేనేజర్ గారు ఫోన్ చేశారు. "సార్, యాప్‌లో లాగిన్ అవుతోంది, బ్యాలెన్స్ కూడా చూపిస్తోంది. స్టేట్‌మెంట్ నొక్కితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది." కాసేపటికి మిగతా బ్రాంచిల నుంచీ అదే మాట. యాప్ వెండర్‌ని అడిగితే మీ డేటాబేస్ స్లో అన్నారు. డేటాబేస్ చూసే అతను క్వెరీ అర సెకనులో అయిపోతోందని చూపించాడు. నెట్‌వర్క్ కంపెనీ వాళ్లు "లింక్ అప్‌లోనే ఉంది సార్, పింగ్ కూడా వస్తోంది" అన్నారు. ముగ్గురూ చెప్పింది నిజమే. అసలు టెన్షన్ అక్కడే. ఎవరికి వాళ్ల ముక్క బాగుంటుంది, కస్టమర్‌కి మాత్రం పని అవ్వదు.

చిన్న జవాబులు వచ్చి పెద్ద జవాబులు రాకపోతే మొదట అనుమానించాల్సింది ప్యాకెట్ సైజుని. బ్యాలెన్స్ అంటే కొన్ని అక్షరాలు, ఒక చిన్న ప్యాకెట్‌లో సరిపోతుంది. స్టేట్‌మెంట్‌కి నిండు ప్యాకెట్లు కావాలి. కోర్ సర్వర్ నుంచి ముంబై సర్వర్‌కి, ప్యాకెట్‌ని మధ్యలో ముక్కలు చేయొద్దని చెప్పి, పింగ్ కొట్టి చూశాం:

```
ping -M do -s 1472 10.20.1.15
ping -M do -s 1400 10.20.1.15
ping -M do -s 1380 10.20.1.15
```

మొదటి రెండింటికీ జవాబు లేదు, మూడోదానికి వచ్చింది. 1380కి హెడర్ల 28 బైట్లు కలిపితే 1408. అంటే ఆ దారిలో 1408 బైట్ల ప్యాకెట్ పడుతోంది, 1428 పట్టడం లేదు. సర్వర్ మాత్రం మామూలుగా 1500 పంపుతోంది. ముందు రోజు రాత్రి లీజ్డ్ లైన్ పోయి ట్రాఫిక్ బ్రాడ్‌బ్యాండ్ టన్నెల్ మీదకి మారింది. బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తన వంతు 8 బైట్లు తీసుకుంటుంది, ఎన్‌క్రిప్షన్ ఇంకో 70 దాకా తింటుంది. ప్యాకెట్ పట్టనప్పుడు "ఇది పెద్దది, చిన్నది పంపు" అని రౌటర్ వెనక్కి కబురు పంపుతుంది. ఆ కబురు, పింగ్‌లాగే, ఐసీఎంపీ అనే నెట్‌వర్క్ సందేశం రూపంలో వస్తుంది. ఎప్పుడో ఒక ఆడిట్‌లో భద్రత కోసమని మా లోపలి ఫైర్‌వాల్‌లో పింగ్ తప్ప మిగతా ఐసీఎంపీ అంతా ఆపేశారు. దాంతో కబురు సర్వర్‌కి చేరలేదు, అది పంపిన పెద్ద ప్యాకెట్‌నే మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంది.

లీజ్డ్ లైన్ రౌటర్‌లో దీనికి సెట్టింగ్ ఉంది, బ్యాకప్ రౌటర్‌లో లేదు. అది లైనక్స్ పెట్టె కాబట్టి ఒక్క లైన్‌తో పని అయింది:

```
iptables -t mangle -A FORWARD -p tcp \
  --tcp-flags SYN,RST SYN \
  -j TCPMSS --set-mss 1360
```

1408లోంచి ఐపీ, టీసీపీ హెడర్లకి 40 తీసేస్తే 1368. కొంచెం వెసులుబాటు ఉంచి 1360 పెట్టాం. కనెక్షన్ మొదలైనప్పుడే రెండు వైపులా "ఇంతకంటే పెద్దది పంపొద్దు" అని ఒప్పందం అయిపోతుంది. స్టేట్‌మెంట్లు వెంటనే రావడం మొదలయ్యాయి. ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క రకం ఐసీఎంపీని వదిలాం. మానిటరింగ్‌లో చిన్న పింగ్‌తో పాటు పెద్ద పింగ్ కూడా చేర్చాం. చిన్న పింగ్ చూసి లింక్ బాగుందనుకోవడం ఎంత ప్రమాదమో అప్పటికి అందరికీ అర్థమైంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, హైబ్రిడ్‌కి వెళ్లేవాళ్లు ఈ గీత ఎవరి బాధ్యతో అగ్రిమెంట్‌లో పేరు పెట్టి రాయించుకోవాలి. యాప్ వెండర్, క్లౌడ్ కంపెనీ, నెట్‌వర్క్ కంపెనీ ముగ్గురూ ఉన్నా గీతకి యజమాని ఎవరూ ఉండరు. మీ దగ్గర నెట్‌వర్క్ తెలిసిన మనిషి ఒక్కరైనా లేకుండా హైబ్రిడ్‌లోకి దిగొద్దు.

రెండో విషయం, ఏది ఆఫీసులో, ఏది క్లౌడ్‌లో అన్న కోత ఎక్కడ పెట్టాలన్నది. అప్లికేషన్‌ని క్లౌడ్‌కి పంపి, డేటాబేస్‌ని ఆఫీసులోనే ఉంచుదామని కొందరు అంటారు, డేటా మన చేతిలో ఉన్నట్టుంటుందని. ఇది చాలా చెడ్డ సలహా. ఒకే గదిలో ఉన్నప్పుడు అప్లికేషన్ ఒక క్వెరీ వేసి జవాబు తెచ్చుకోవడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ముంబైకి వెళ్లి రావడానికి 25 మిల్లీసెకన్లు అనుకుందాం. పాత కోర్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒక్క టెల్లర్ స్క్రీన్ తెరవడానికి 80 క్వెరీలు పోవడం వింతేమీ కాదు. 80ని 25తో గుణిస్తే రెండు సెకన్లు. కౌంటర్ ముందు జనం ఉన్నప్పుడు ప్రతి స్క్రీన్‌కీ రెండు సెకన్లంటే టెల్లర్ గారు మిమ్మల్ని ఊరికే వదలరు. అప్లికేషన్, డేటాబేస్ ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. కోత వాటి పైన పడాలి. అంటే బయటి యాప్ "ఈ ఖాతా స్టేట్‌మెంట్ ఇవ్వు" అని ఒకసారి అడగాలి, ఒకసారి జవాబు తీసుకోవాలి.

ఇప్పుడు అంతా పబ్లిక్‌కి మార్చమన్న మీ వెండర్ సంగతి. పబ్లిక్ క్లౌడ్ అంటే డేటా దేశం దాటుతుందనే భయం ఇప్పుడు అక్కర్లేదు. పెద్ద కంపెనీలకి ముంబై, పుణె, చెన్నై, హైదరాబాద్‌లలో రీజియన్లు ఉన్నాయి. చెల్లింపుల డేటా ఇండియాలోనే ఉండాలని ఆర్‌బీఐ 2018 ఏప్రిల్‌లోనే చెప్పింది, ఆ షరతు ఇక్కడి రీజియన్‌తో తీరుతుంది. బ్యాకప్ కాపీ కూడా ఇండియా రీజియన్‌కే వెళ్తోందో లేదో మాత్రం విడిగా చూసుకోండి. నా అభ్యంతరం ఖర్చు దగ్గర. వాడినంతకే కట్టండి అంటారు. టెస్టింగ్ సర్వర్‌ని రోజుకి 10 గంటలు, నెలకి 22 రోజులు నడిపి ఆపేస్తే 220 గంటలకే బిల్లు. 30 రోజుల నెలకి ఉన్న 720 గంటలతో పోలిస్తే అది నిజంగా లాభం. కోర్ డేటాబేస్‌ని ఆపేది ఎప్పుడు? రాత్రి కూడా యూపీఐ, ఏటీఎం నడుస్తూనే ఉంటాయి. దానికి 720 గంటలూ కట్టాల్సిందే. మూడేళ్ల కమిట్‌మెంట్ ఇస్తే రేటు తగ్గుతుంది, కానీ అప్పుడు వాడినంతకే అన్న మాట పోయింది కదా. లోడు ఒక్కసారిగా పెరిగి తగ్గే చోట పబ్లిక్ బాగుంటుంది. ఈఏపీసెట్ ఫలితాల రోజున వెబ్‌సైట్ నడపాల్సిన వాళ్లకి అంతకంటే మంచిది లేదు.

సొంత ప్రైవేట్ క్లౌడ్ పెద్ద బ్యాంకులకి సరిపోతుంది. రోజంతా నిండుగా నడిచే వందల సర్వర్లు, షిఫ్టుల్లో పనిచేసే సొంత మనుషులు, వేరే ఊళ్లో రెండో డేటా సెంటర్ ఉంటే సొంతంగా పెట్టుకోవడం చవకే. 12 బ్రాంచిల బ్యాంకులో ఆ పని చేసేది ఇద్దరు. ఒకరు సెలవు పెడితే రెండోవారే యూపీఎస్ బ్యాటరీలూ చూడాలి, ప్యాచ్‌లూ వేయాలి, ఆడిటర్‌కీ జవాబు చెప్పాలి. ఈ ఇద్దరి గురించి ఏ బోర్డు మీటింగులోనూ ఎవరూ అడగరు, నాకు అదే బాధ.

అందుకే కమ్యూనిటీ క్లౌడ్ అంటున్నాను. బ్యాంకులన్నిటికీ నియమాలు ఒకటే, ఆడిట్ ప్రశ్నలు ఒకటే, బ్యాంకుల మధ్య సందేశాల నెట్‌వర్క్ ఒకటే. ఒకే రకం అవసరాలున్న వాళ్లు ఖర్చు పంచుకుంటే, రాత్రిపూట మెలకువగా ఉండే ఇంజనీర్లని కూడా పంచుకున్నట్టే. ఇదేమీ ఊహ కాదు. ఆర్‌బీఐ 1996లో హైదరాబాద్‌లో స్థాపించిన బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ బ్యాంకుల కోసం ఇండియన్ బ్యాంకింగ్ కమ్యూనిటీ క్లౌడ్‌ని మొదలుపెట్టింది. తర్వాత దాన్ని ఐఎఫ్‌టీఏఎస్ సంస్థ చేతికి ఇచ్చారు. ప్రభుత్వ శాఖలకి మేఘరాజ్ అనే ఉమ్మడి క్లౌడ్ ఉంది. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకి 2022లో కేంద్రం ఆమోదించిన కంప్యూటరీకరణ పథకం కూడా ఇదే ఆలోచన, 63,000 సంఘాలకి ఉమ్మడి సాఫ్ట్‌వేర్.

ఇందులో ఇబ్బందులు లేవని కాదు. మీకొక్కరికే కావాల్సిన మార్పు అడిగితే వరుసలో నిలబడాలి. అప్‌గ్రేడ్ రోజు అందరికీ ఒకటే, అది మీ ఊళ్లో జీతాల రోజైనా సరే. నెలాఖరు రాత్రి అన్ని బ్యాంకులూ ఒకేసారి వడ్డీ లెక్కలు నడుపుతాయి, అప్పుడు పొరుగు బ్యాంకు లోడు మీ మీద పడకూడదు. కాబట్టి సంతకం పెట్టే ముందు ఇప్పటికే అక్కడున్న ఒక బ్యాంకు వాళ్లతో మాట్లాడి, నెలాఖరులో డే ఎండ్, అంటే ఆ రోజు లెక్కలు మూసే పని, ఎన్నింటికి పూర్తవుతోందో అడగండి. అర్ధరాత్రికి అయిపోతోందంటే ఫర్వాలేదు. తెల్లవారి బ్రాంచి తెరిచే వేళ దాకా సాగుతోందంటే మీకు చోటు చాలదు.

బయటికి వచ్చే దారి కూడా అప్పుడే చూసుకోవాలి. ఆర్‌బీఐ 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన ఐటీ ఔట్‌సోర్సింగ్ ఆదేశాల్లో క్లౌడ్‌కి విడిగా ఒక అనుబంధమే ఉంది. పని ఎవరికిచ్చినా బాధ్యత సంస్థదే అన్నది అందులో అసలు మాట. మీ బ్యాంకు ఏ శ్రేణిలో ఉన్నా ఆ అనుబంధం ఒకసారి చదవండి. అగ్రిమెంట్‌లో డేటా తిరిగి ఇస్తామన్న వాక్యం అందరూ రాస్తారు. ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ఎంత ఛార్జీకి అన్నవి రాయించండి. తర్వాత ఏడాదికోసారి ఒక బ్రాంచి ఖాతాలన్నీ బయటికి తీయించి, మీ దగ్గరున్న మామూలు డేటాబేస్‌లో ఎక్కించి, ఆ బ్రాంచి ట్రయల్ బ్యాలెన్స్‌తో పైసలతో సహా సరిపోయిందో లేదో చూడండి.