క్యారేజీకి ఏడు ఫొటోలు, ఏ వరుసలో?

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. కేటలాగ్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం కోసం ఒక కంపెనీ టెస్ట్ పెట్టింది. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఫొటోలు ముప్పై ఇచ్చి, అమెజాన్ లిస్టింగ్‌కు ఏడు ఎంచి వరుసగా పెట్టమంది. దేన్నిబట్టి ఎంచాలి?

జవాబు: ముందు అలాంటి క్యారేజీల కింద ఒకటి, రెండు స్టార్లిచ్చిన రివ్యూలు చదవండి. "ఇంత చిన్నదనుకోలేదు", "పులుసు కారింది" అనే మాటలే ఎక్కువ కనిపిస్తే మీ వరుస దాదాపు తేలినట్టే.

మెయిన్ ఫొటోకు నిబంధనలు కచ్చితం. బ్యాక్‌గ్రౌండ్ అచ్చ తెలుపు (255, 255, 255) ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి, అక్షరాలూ లోగోలూ అతికించకూడదు. క్యారేజీతో చెంచా ఇవ్వకపోతే ఫొటోలోనూ చెంచా ఉండకూడదు. స్టీలుతో ఇంకో చిక్కుంది. తెలుపు మీద దాని అంచులు కలిసిపోయి, సెర్చ్‌లో చిన్న బొమ్మగా చూసినప్పుడు ఆకారమే తెలియదు. తీసేటప్పుడు రెండు పక్కలా నల్ల అట్టలు నిలబెడితే గిన్నెల అంచున సన్నటి నల్ల గీత పడుతుంది. ఆ గీత ఉన్న ఫొటోనే ఎంచండి.

రెండోది కొలత చూపేది. చాలామంది దీన్ని చివరికి నెట్టేస్తారు, అక్కడిదాకా జరిపి చూసేవాళ్లు తక్కువ. చెయ్యి పట్టుకున్న ఫొటోలో చెయ్యి, క్యారేజీ కెమెరాకు ఒకే దూరంలో ఉన్నాయో లేదో చూడండి. క్యారేజీ ముందుకొస్తే ఉన్నదానికంటే పెద్దగా కనిపించి, సరుకు వెనక్కొస్తుంది. ఎత్తు, వ్యాసం సెంటీమీటర్లలో ఆ ఫొటో మీదే వేయండి.

మూడోది ఇన్ఫోగ్రాఫిక్, అంటే వస్తువు విశేషాలు ఫొటో మీదే అక్షరాల్లో రాసింది. మూడు విషయాలు మించొద్దు. 2000 పిక్సెళ్ల ఫొటో ఫోన్‌లో ఆరేడు సెంటీమీటర్ల వెడల్పుకు కుదించుకుపోతుంది కాబట్టి, 60 పిక్సెళ్లకు తగ్గిన అక్షరం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఎవరూ చదవరు. అంకెల దగ్గరా జాగ్రత్త. గిన్నె 400 మి.లీ. అని రాస్తే అది అంచుదాకా నింపిన లెక్కా, మూత పట్టేంతవరకా? లిస్టింగ్‌లో ఒకటి, ఫొటోలో ఇంకొకటి ఉంటే టెస్ట్ దిద్దేవాళ్ల కన్ను ముందు దానిమీదే పడుతుంది.

నాలుగోది మూత రబ్బరు రింగు, క్లిప్పు దగ్గరగా. పులుసు భయం ఉన్నవాళ్లు వెతికేది ఇదే. అయితే ఒలకదని కంపెనీ చెప్పకపోతే మీరు రాయొద్దు. ఐదోది గిన్నెలు విడదీసి అన్నం, కూర, పెరుగు పెట్టింది, ఆరోది ఆఫీసు బల్ల మీద, ఏడోది పెట్టెలో వచ్చేవన్నీ.

ఫైళ్లకు పేర్లు అమెజాన్ పద్ధతిలో పెట్టి ఇవ్వండి. ముందు ASIN, అంటే వస్తువుకు అమెజాన్ ఇచ్చే గుర్తింపు కోడ్, తర్వాత స్థానం: మెయిన్‌కు `.MAIN.jpg`, రెండోదానికి `.PT01.jpg`, చివరిదానికి `.PT06.jpg`. ఒక్కో ఫొటో కొనేవాళ్ల ఏ అనుమానం తీరుస్తుందో పక్కన ఒక వాక్యం రాయండి. రెండింటికి ఒకే వాక్యం వస్తే అందులో ఒకటి తీసేయండి.