సుంకం లెక్కలో షిప్పింగ్ ఖర్చూ ఉంటుంది

‘సార్, అమెరికా సైట్‌లో 14,000 రూపాయల కెమెరా లెన్స్ ఆర్డర్ పెట్టాను. షిప్పింగ్ మరో 2,000. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందని వారం నుంచి చూపిస్తోంది. ఇప్పుడు సుంకం కట్టమని మెసేజ్ వచ్చింది. గిఫ్ట్ అని రాయించి ఉంటే తప్పేదా? కట్టాలా, వదిలేయాలా?’
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

తప్పేది కాదండీ. గిఫ్ట్‌లకున్న మినహాయింపును 2019 డిసెంబరులో ఎత్తేశారు. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మిగిలింది. కొన్న వస్తువును గిఫ్ట్ అని చూపిస్తే తప్పుడు డిక్లరేషన్ అవుతుంది, పార్సిలే పోవచ్చు.

చాలామంది సుంకాన్ని లెన్స్ ధర మీదే లెక్కేసుకుంటారు. కస్టమ్స్ వాళ్లు వస్తువు ధరకు షిప్పింగ్, బీమా కలిపి విలువ కడతారు. డాలర్‌ను రూపాయల్లోకి మార్చేది కూడా మీ కార్డు రేటుతో కాదు, కస్టమ్స్ ప్రకటించిన రేటుతో. బీమా పక్కన పెడితే మీ విలువ 16,000. సుంకం 20 శాతం, దిగుమతులపై పడే జీఎస్‌టీ అయిన ఐజీఎస్‌టీ 18 శాతం అనుకుని చూద్దాం. సుంకం 3,200. ఐజీఎస్‌టీ ఆ సుంకం కూడా కలిపిన 19,200 మీద పడుతుంది, అంటే 3,456. మొత్తం 6,656. రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి కాబట్టి మీ బిల్లులో ఉన్న రేట్లు వేసి ఇదే వరుసలో చూసుకోండి. సర్‌చార్జీ అని మరో వరుస ఉంటే అదీ కలపండి. కొరియర్ కంపెనీ క్లియరెన్స్ చార్జీ వీటికి అదనం, అది ప్రభుత్వానికి వెళ్లేది కాదు.

వారం రోజులు ఆగిందంటే ముందుగా అనుమానించాల్సింది కేవైసీని. మీ ఆధార్ లాంటి గుర్తింపు కాపీ అందకపోతే కొరియర్ వాళ్లు కస్టమ్స్‌కు ఇవ్వాల్సిన దిగుమతి పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, వేయలేరు. ఆర్డర్‌లో మీ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉన్నా ఆగిపోతుంది. రెండో కారణం ధర మీద అనుమానం. డిస్కౌంట్‌లో కొన్నవాళ్లకు ఇది ఎక్కువ. సైట్ ఇచ్చిన ఇన్‌వాయిస్‌తో పాటు కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క ఎంట్రీ కనిపించే పేజీ పంపండి. విలువ తప్పు అనిపిస్తే డబ్బు కట్టకముందే అడగండి. కట్టాక రీఫండ్ కోసం తిరగడం చాలా కష్టం. పోర్టు దగ్గరి కస్టమ్స్ హౌస్‌కి వెళ్లే ముందు ట్రాకింగ్‌లో పార్సిల్ ఏ ఊళ్లో ఆగిందో చూడండి. ఫైలు ఆ ఊళ్లోనే ఉంటుంది.

మెసేజ్‌లోని లింకు మాత్రం నొక్కకండి. కొరియర్ సైట్‌ను మీరే తెరిచి, ట్రాకింగ్ నంబరు కొట్టి, అక్కడ కనిపించిన మొత్తాన్నే కట్టండి. ఎవరో ఆఫీసర్‌నని ఫోన్ చేసి సొంత యూపీఐకి వేయమంటే అది మోసమే. సుంకం ఏ అధికారి వ్యక్తిగత ఖాతాకూ వెళ్లదు.

ఇక వదిలేయాలా అన్న మాట. ఇదే లెన్స్ మన దగ్గర 23,000 దాటితే కట్టి తెచ్చుకోవడమే లాభం. అంతకన్నా తక్కువకే దొరుకుతుంటే, పార్సిల్ వెనక్కి వస్తే ఎంత తిరిగిస్తారో అమ్మినవాళ్లను రాతపూర్వకంగా అడగండి. చాలామంది రానూపోనూ షిప్పింగ్ కోసేస్తారు. ఏ నిర్ణయమైనా ఈ వారంలోనే తీసుకోండి. 30 రోజుల్లో విడిపించుకోని సరుకును నోటీసు ఇచ్చి అమ్మేసే అధికారం కస్టమ్స్ చట్టంలో ఉంది, ఈలోగా గోడౌన్ అద్దె కూడా పడొచ్చు.